కరెంటు వచ్చింది, బల్బు వెలిగింది, ఫోన్‌కి మాత్రం దొరకడం లేదు

కరెంటు పోయి వస్తుంది. బల్బు మామూలుగానే వెలుగుతుంది. గోడ మీద స్విచ్ తీస్తే ఆరుతుంది, వేస్తే వెలుగుతుంది. ఫోన్ తెరిస్తే మాత్రం ఆ బల్బు పక్కన `offline` అని ఉంటుంది. మళ్ళీ జత చేస్తారు, వారం బాగానే నడుస్తుంది. ఇంకోసారి కరెంటు పోగానే మళ్ళీ అదే కథ. మీ ఇంట్లో ఇలా జరుగుతుంటే ఇది చదవండి. ఆ ఒక్క బల్బే ఎందుకు తప్పిపోతోందో కనిపెట్టడం ఎలా, దాన్ని శాశ్వతంగా ఆపడం ఎలా అన్నది మా అత్త ఇంట్లో జరిగినదాన్ని బట్టి చెబుతాను.

మా మేనత్త వాళ్ళది పర్లాకిమిడి. ఏప్రిల్, మే నెలల్లో మహేంద్రగిరి వైపు సాయంత్రం మబ్బు పట్టిందంటే గాలి, వాన, వెంటనే కరెంటు పోవడం అక్కడ అందరికీ తెలిసిందే. పక్కింటి ఒడియా వాళ్ళు "లైన్ గలా" అని కేకేస్తే అత్త టార్చి వెతుక్కుంటుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. లేచి స్విచ్‌ల దాకా నడిచే పని తగ్గాలని ఇంట్లో ఏడు జిగ్బీ బల్బులు, అంటే జిగ్బీ అనే రేడియో పద్ధతిలో మాట్లాడుతూ ఫోన్‌తో నడిచేవి, పెట్టాను. ముందుగదిలో ఒక చిన్న కంప్యూటర్, దానికి జిగ్బీ యూఎస్‌బీ స్టిక్, అందులో బల్బులను నడిపే `Zigbee2MQTT` అనే ప్రోగ్రామ్. ఇదంతా కలిపే మా హబ్. ఏడింటిలో ఆరు బల్బులు ఎన్నిసార్లు కరెంటు పోయినా చక్కగా తిరిగి వచ్చేవి. వీధి వసారాలో ఉన్న ఒక్కటి మాత్రం తప్పిపోయేది. అత్త ఫోన్ చేసేది: "ఒరే, కరెంటొచ్చి అరగంటయ్యింది. వసారా లైటు ఫుల్లుగా ఎలుగుతోంది గానీ ఫోన్లో నొక్కితే ఆరట్లేదురా."

ఆ "ఫుల్లుగా" అన్న మాటలోనే జవాబు ఉంది. అది నాకు అర్థమవడానికి రెండు నెలలు పట్టింది.

బల్బు మామూలుగా ఏం చేయాలి

ముందు ఒక సంగతి తెలిస్తే సగం అనుమానాలు వాటంతటవే పోతాయి. జిగ్బీ బల్బు తన నెట్‌వర్క్ వివరాలను, అంటే నెట్‌వర్క్ తాళం, ఛానల్, తన చిరునామా వగైరాలను కరెంటు లేకపోయినా చెరిగిపోని మెమరీలో దాచుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు ఉన్నట్టే. కరెంటు ఎంతసేపు పోయిందన్నదానితో సంబంధం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లాలో కరెంటు రోజుల తరబడి లేని ఊళ్ళున్నాయి. అన్ని రోజులు ఆరిపోయి ఉన్నా సరే, జిగ్బీ బల్బు తన నెట్‌వర్క్‌ని మరిచిపోకూడదు.

ఇంకొకటి. ఎప్పుడూ కరెంటు మీద ఉండే బల్బు జిగ్బీ నెట్‌వర్క్‌లో సాధారణంగా రౌటర్‌గా పనిచేస్తుంది, అంటే చుట్టుపక్కల పరికరాల సందేశాలను ముందుకు అందిస్తుంది. ఇలాంటి బల్బు కరెంటు రాగానే పాత వివరాలు తీసుకుని అదే నెట్‌వర్క్‌లో పని మొదలుపెడుతుంది, "నేను వచ్చాను" అని ఒక ప్రకటన పంపుతుంది. అందుకు హబ్ అనుమతి అక్కర్లేదు. కాబట్టి మీ హబ్ రెండు నిమిషాలు ఆలస్యంగా లేచినా బల్బు తప్పిపోదు. "హబ్ లేట్‌గా వచ్చింది కాబట్టి పోయింది" అని నేనూ మొదట్లో అనుకున్నాను. అది తప్పు.

అంటే బల్బు నిజంగా తప్పిపోయిందంటే రెండే దారులు. దాని జ్ఞాపకం చెరిగిపోయి ఉండాలి. లేదా జ్ఞాపకం ఉన్నా దాని మాట హబ్ దాకా రాకపోయి ఉండాలి. మనం చేసే పరీక్షలన్నీ ఈ రెండింటినీ విడదీయడానికే.

మొదటి మెట్టు: పావుగంట ఆగి, ఎన్ని పోయాయో లెక్కపెట్టండి

కరెంటు రాగానే ఫోన్ పట్టుకోకండి. అన్ని పరికరాలూ ఒకేసారి లేచి ఒకేసారి మాట్లాడతాయి, దారులు కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. పైగా `Zigbee2MQTT` లో `availability` ఆన్ చేసి ఉంటే, కరెంటు మీద నడిచే పరికరం నుంచి పది నిమిషాలు ఏ కబురూ లేకపోతేనే దాన్ని పలకరించి చూస్తుంది. అందుకని పదిహేను నిమిషాలు ఆగి చూస్తేనే తెర మీద కనిపించేది నమ్మవచ్చు.

ఇప్పుడు లెక్క. ఇంట్లో బల్బులన్నీ పోయాయంటే తప్పు బల్బుది కాదు, హబ్ వైపు చూడాలి. కంప్యూటర్ తిరిగి మొదలైనప్పుడు యూఎస్‌బీ స్టిక్ పేరు `/dev/ttyUSB0` నుంచి `/dev/ttyUSB1` కి మారిపోవడం దీనికి చాలా సాధారణ కారణం. సెట్టింగ్‌లో ఆ పేరు తీసేసి, ఎప్పటికీ మారని `/dev/serial/by-id/` దారి రాస్తే సరిపోతుంది. ఒక గదిలోవి మాత్రమే పోతే, ఆ గదికి హబ్‌కి మధ్య ఉన్న ఏదో బల్బుని ఎవరో గోడ స్విచ్ దగ్గర ఆర్పేసి ఉంటారు. దాన్ని వెలిగించి చూడండి. ఈ రెండూ తేలికైనవే కాబట్టి ఇంతకంటే చెప్పను.

ప్రతిసారీ అదే ఒక్క బల్బు పోతుంటేనే అసలు పని మొదలవుతుంది.

రెండో మెట్టు: బల్బుకి ఒక గుర్తు పెట్టండి

జ్ఞాపకం చెరిగిందా, లేక మాట అందడం లేదా? ఇది తేల్చడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. వచ్చే కరెంటు కోతకు ముందే బల్బుకి ఒక గుర్తు పెట్టాలి. బల్బుని మళ్ళీ జత చేశాక దాని వెలుగు బాగా తగ్గించండి, మూడో వంతు ఉంటే చాలు. తర్వాత "కరెంటు వచ్చినప్పుడు పాత స్థితిలోనే వెలుగు" అని చెప్పండి. `Zigbee2MQTT` లో బల్బు పేజీలో `power_on_behavior` అనే చోట `previous` ఎంచుకోవచ్చు. లేదా ఆ కంప్యూటర్‌లో ఈ ఆదేశం పంపవచ్చు, `vasara_bulb` చోట మీ బల్బు పేరు రాసుకోండి:

```
mosquitto_pub -t 'zigbee2mqtt/vasara_bulb/set' \
  -m '{"brightness": 80, "power_on_behavior": "previous"}'
```

ఇక్కడ 80 అంటే 254కి 80. అన్ని బల్బులూ ఈ సెట్టింగ్‌ని ఒప్పుకోవు, ఆ పేజీలో `power_on_behavior` కనిపించకపోతే మీ బల్బుకి ఆ సౌకర్యం లేనట్టే. ఉంటే, ఒకసారి స్విచ్ ఆర్పి అర నిమిషం ఆగి వేసి చూడండి. మసకగానే వెలిగితే గుర్తు కుదిరింది.

ఇక కరెంటు పోయి వచ్చే దాకా ఆగండి. బల్బు మసకగా వెలుగుతూ ఫోన్‌కి దొరకడం లేదంటే జ్ఞాపకం భద్రంగా ఉంది, దాని మాట హబ్‌కి అందడం లేదు. బల్బు ఫుల్లుగా వెలుగుతోందంటే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అయిపోయింది. మసక సెట్టింగ్‌తో పాటు నెట్‌వర్క్ తాళం కూడా చెరిగిపోయింది. మా అత్త "ఫుల్లుగా" అన్నది ఈ రెండోదాన్నే. ఆవిడ చెప్పింది చెప్పినట్టు విన్నా, నేను పట్టించుకోలేదు.

మూడో మెట్టు: మసకగా ఉండి దొరక్కపోతే

దీన్ని ముందు ముగిద్దాం. బల్బుని తీసి హబ్‌కి రెండు మీటర్ల దూరంలో ఒక టేబుల్ ల్యాంప్‌లో పెట్టండి. జత చేయకుండానే దానంతట అదే దొరికితే సమస్య దూరానిది, లేదా మధ్యలో ఉన్న గోడలది, రేకు డూమ్‌ది. మధ్యలో ఎప్పుడూ ఆరని ఇంకో జిగ్బీ బల్బో ప్లగ్గో పెడితే తీరుతుంది.

ఇందులో కరెంటు కోతతో నేరుగా ముడిపడిన సంగతి ఒకటుంది, అది వైఫై. కరెంటు పోయి వచ్చినప్పుడు వైఫై రౌటర్ కూడా మళ్ళీ మొదలవుతుంది. అది "ఆటో" ఛానల్ మీద ఉంటే, ఆ నిమిషంలో ఖాళీగా కనిపించిన ఛానల్ ఎంచుకుంటుంది. అది మీ జిగ్బీ ఛానల్ మీద వచ్చి కూర్చోవచ్చు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. నిన్నటిదాకా బొటాబొటీగా అందుతున్న దూరపు బల్బు ఈరోజు అందదు. రేపు ఇంకోసారి కరెంటు పోయి వచ్చాక వైఫై వేరే ఛానల్‌కి పోతే మళ్ళీ అందుతుంది. మనకేమో అంతా గాలివాటంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆటో తీసేసి వైఫైని ఒక ఛానల్ మీద కట్టేయండి. ఏ ఛానల్ అన్న దగ్గర చాలామంది పొరబడతారు. `Zigbee2MQTT` మామూలుగా జిగ్బీ 11వ ఛానల్‌తో మొదలవుతుంది. అప్పుడు వైఫైని 11వ ఛానల్ మీద పెట్టడం మంచిది. అంకె ఒకటే అయినా అవి ఒకటి కావు. జిగ్బీ 11 అంటే 2405 మెగాహెర్ట్జ్, వైఫై 11 అంటే 2462 మెగాహెర్ట్జ్ చుట్టూ. వైఫై 1వ ఛానల్ 2412 దగ్గర ఉంటుంది కాబట్టి జిగ్బీ 11 మీద పడేది అదే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 వద్దు. జిగ్బీ ఛానల్‌ని మాత్రం మార్చకండి. అది మారిస్తే కొన్ని పరికరాలను మళ్ళీ జత చేయాల్సి వస్తుంది, వైఫై మారిస్తే ఫోన్‌లు వాటంతటవే కలుస్తాయి.

నాలుగో మెట్టు: ఫుల్లుగా వెలిగితే, కరెంటు ఎలా వచ్చిందో చూడండి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బల్బుకి బటన్లు ఉండవు. మరి దాన్ని కొత్తదానిలా చేయాలంటే ఎలా? అందుకని చాలా కంపెనీలు ఒక ఉపాయం పెట్టాయి. స్విచ్‌ని వరసగా కొన్నిసార్లు ఆర్పి వేస్తే బల్బు తన జ్ఞాపకం చెరిపేసుకుంటుంది. కొన్నిటికి మూడుసార్లు, కొన్నిటికి ఐదు. హైదరాబాద్ నుంచి తెచ్చుకునే ఐకియా బల్బులకి ఆరు. మీ బల్బుకి ఎన్నో దాని పెట్టెలో ఉన్న కాగితంలో రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు ఈ ఉపాయం పెట్టవు, వాటిని యాప్ నుంచో రిమోట్ నుంచో మాత్రమే చెరపగలం.

గాలివానలో కరెంటు ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. తిన్నగా రాదు. వస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు పోతుంది, మళ్ళీ వస్తుంది, పోతుంది. స్తంభం దగ్గర జంపర్ లూజుగా ఉంటే గాలి ఊపినప్పుడల్లా కొట్టుకుంటుంది. తీగ మీద కొమ్మ పడి ఉంటే వేసిన వెంటనే సబ్‌స్టేషన్‌లో పడిపోతుంది, మళ్ళీ వేసి చూస్తారు. బల్బుకి ఇదంతా ఎవరో స్విచ్ ఆర్పి వేస్తున్నట్టే తెలుస్తుంది. ఐదోసారికి "నన్ను కొత్తగా చేయమంటున్నారు" అనుకుని తుడిచేసుకుంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నేను మొదట ఈ అనుమానాన్ని కొట్టిపారేశాను. ఎందుకంటే అత్త వాళ్ళింట్లో కరెంటు టకటకా ఐదుసార్లు కొట్టుకోలేదు. ఒకసారి వచ్చి పోయాక రెండు నిమిషాలు చీకటి, మళ్ళీ ఒకసారి వచ్చి పోయాక ఇంకో ఐదు నిమిషాలు చీకటి. అంత ఎడం ఉంటే లెక్కలోకి రాదనుకున్నాను. కానీ ఆలోచించండి, కరెంటు లేనప్పుడు బల్బుకి గడియారం ఎక్కడిది? ఎంతసేపు ఆరి ఉందో దానికి తెలిసే దారి లేదు. దానికి తెలిసేది వెలిగి ఉన్న సేపు మాత్రమే. వెలగగానే మెమరీలో ఒక అంకె వేసుకుంటుంది. కొన్ని సెకన్లు నిలకడగా వెలిగి ఉంటే ఆ అంకెను సున్నా చేస్తుంది. ఆ లోపే ఆరిపోతే అంకె అలాగే ఉండిపోతుంది, మళ్ళీ వెలిగినప్పుడు ఒకటి పెరుగుతుంది. ఈ పద్ధతిలో పనిచేసే బల్బుకి చీకటి ఎంతసేపన్నది లెక్కే కాదు. పొట్టి వెలుగులు ఎన్నన్నదే లెక్క.

అత్త చేత గోడ క్యాలెండర్ మీద రాయించాను. కరెంటు తిన్నగా వచ్చి నిలబడితే ఒక నిలువు గీత. వచ్చి పోయి వచ్చి పోయి చివరికి నిలబడితే ఒక సున్నా. పక్కన వసారా లైటు ఫోన్‌కి దొరికిందో లేదో. నెల రోజుల్లో ఏడుసార్లు కరెంటు పోయింది. నాలుగు గీతలు, మూడు సున్నాలు. గీతలున్న నాలుగుసార్లూ బల్బు దొరికింది, అందులో ఒకటి రాత్రంతా కరెంటు లేని రోజు. సున్నాలున్న మూడుసార్లూ బల్బు పోయింది. అంతకుముందు నేను దూరం అనుకుని వసారా గుమ్మం లోపల ఒక జిగ్బీ ప్లగ్ కొని పెట్టాను. దానివల్ల ఏ తేడా రాలేదు. క్యాలెండర్ చూశాక ఎందుకు రాలేదో తెలిసింది.

మరి మిగతా ఆరు బల్బులు ఎందుకు పోలేదు? ఐదు బల్బులు ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయి, వాటికి ఈ కొట్టుకోవడం తెలియనే తెలియదు. పెరటి బల్బు వసారా బల్బులాగే నేరుగా బయటి కరెంటు మీద ఉంది. కానీ అది వేరే కంపెనీది, స్విచ్‌తో చెరిపే ఉపాయం లేనిది. ఒకే లైను, ఒకే కుదుపు, ఒకటి పోయింది, ఒకటి నిలిచింది.

ఐదో మెట్టు: చేత్తో చేసి నిర్ధారించుకోండి

వానాకాలం దాకా ఆగక్కర్లేదు. గోడ స్విచ్‌తో పది నిమిషాల్లో తేల్చవచ్చు. ముందు బల్బుని ఆర్పి పది నిమిషాలు అలాగే వదిలేసి ఒక్కసారి వేయండి. మసకగా వెలిగి ఫోన్‌కి దొరికితే మెమరీ బాగానే ఉందన్నమాట. అలా కాక ఫుల్లుగా వెలిగితే బల్బే చెడిపోయింది, వారంటీ ఉంటే మార్పించుకోండి. తర్వాత ఒక సెకను వెలుగు, ఒక సెకను చీకటి చొప్పున కాగితంలో రాసినన్నిసార్లు ఆర్పి వేయండి. బల్బు ఒకటి రెండుసార్లు మిణుకుమని ఫుల్లుగా వెలిగితే చెరిగినట్టు. కావాలంటే మళ్ళీ జత చేసి, ఈసారి చీకటి రెండేసి నిమిషాలు ఉంచి వెలుగు మాత్రం ఒక్క సెకను ఇవ్వండి. అత్త వాళ్ళ బల్బు ఈ రెండో విధంగా కూడా ఐదోసారికి చెరిగిపోయింది. నా సందేహం అప్పుడు తీరింది.

ఈ పరీక్షకి ముందు హోల్డర్ ఒకసారి చూడండి. మన ఇళ్ళలో ఎక్కువగా తిప్పి బిగించే రెండు పిన్నుల హోల్డర్లే. లోపలి స్ప్రింగులు ఏళ్ళు గడిచేసరికి వదులవుతాయి. మరచుట్టు బల్బు కొని కన్వర్టర్ పెట్టి బిగించి ఉంటే వదులు ఇంకా ఎక్కువ. అలాంటి హోల్డర్‌లో కరెంటు కోత లేకపోయినా గాలికి బల్బు ఊగి కరెంటు కొట్టుకుంటుంది, ఫలితం అదే. మెయిన్ ఆర్పి, బల్బు తీసి చూస్తే పిన్నులు నల్లగా మాడినట్టు ఉంటాయి. కొత్త హోల్డర్ వేయించండి, చౌకైన పని.

ఆరో మెట్టు: తుడిచిపెట్టుకున్న బల్బుని తిరిగి చేర్చడం

జాబితాలోంచి పాత బల్బుని తొలగించకండి. చాలామంది ఇక్కడే పని పెంచుకుంటారు. పేరు, ఆటోమేషన్లు అన్నీ బల్బు పుట్టుకతో వచ్చిన 64 బిట్ల చిరునామాకి ముడిపడి ఉంటాయి. చెరిగినా ఆ చిరునామా మారదు. కాబట్టి తిరిగి చేరగానే పాత పేరుతోనే కనిపిస్తుంది.

`Permit join` నొక్కండి. పరికరాలు నెట్‌వర్క్‌లో చేరే తలుపు గరిష్ఠంగా 254 సెకన్లు తెరిచి ఉంటుంది. బల్బుని ఒక్కసారి ఆర్పి వేయండి, ఒక్కసారే. చెరిగిన బల్బు వెలిగిన కొద్ది నిమిషాలు నెట్‌వర్క్ కోసం వెతికి ఊరుకుంటుంది, అందుకే మళ్ళీ వెలిగించాలి. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఈ ఆదేశంతో జరుగుతున్నది కళ్ళారా చూడవచ్చు:

```
mosquitto_sub -t 'zigbee2mqtt/bridge/event' -v
```

`device_joined` అని, తర్వాత `device_interview` లో `successful` అని వస్తే పని అయినట్టు. ఇదే ఆదేశం కరెంటు వచ్చే సమయంలో నడుస్తుంటే ఇంకో ఉపయోగం ఉంది. బల్బు తన జ్ఞాపకంతో తిరిగి వచ్చినప్పుడు `device_announce` కనిపిస్తుంది. చెరిగిపోయిన బల్బు నుంచి తలుపు తెరిచేదాకా అది రాదు.

చేరిన తర్వాత రెండు పనులు మర్చిపోవద్దు. ఒకటి, `power_on_behavior` మళ్ళీ పెట్టాలి, అది కూడా చెరిగిపోయింది. రెండు, గ్రూపులు. "వీధి వైపు లైట్లన్నీ" అని గ్రూపు చేసి ఉంటే, ఆ సభ్యత్వం బల్బు లోపల కూడా రాసి ఉంటుంది. తెర మీద బల్బు గ్రూపులో ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ గ్రూపుని నొక్కితే ఆ ఒక్కటీ కదలదు. దాన్ని గ్రూపులోంచి తీసి మళ్ళీ చేర్చండి. అత్త ఇంట్లో నేను దీన్ని వదిలేసి, బల్బు మళ్ళీ పోయిందేమోనని ఒక పూటంతా వెతికాను.

ఏడో మెట్టు: మళ్ళీ చెరగకుండా

అన్నిటికంటే మంచిది ఆ లైటుని ఇన్వర్టర్ లైను మీదకి మార్పించడం. ఎల్ఈడీ బల్బు తాగే కరెంటు కొద్దిగానే కాబట్టి బ్యాటరీకి బరువు కాదు. ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఫేజ్ ఒక్కటే మార్చి న్యూట్రల్ పాత లైనుదే ఉంచేస్తే కొన్ని ఇళ్ళలో ఆర్‌సీసీబీ పడిపోతుంది, రెండూ ఒకే లైనువి ఇమ్మని చెప్పండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే దాన్ని ఆ వైపు పెట్టండి. బ్యాటరీకి మారే వ్యవధి తగ్గి, బల్బు లోపలి కెపాసిటర్ ఆ సందుని మోసేస్తుంది. దీనికో ఇబ్బంది ఉంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ కాస్త పడినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది. సాయంత్రం లో వోల్టేజీ ఎక్కువగా ఉండే వీధుల్లో బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. అలాంటి చోట మామూలు మోడ్‌లోనే ఉంచి, కరెంటు పోయి వచ్చాక బల్బు నిలుస్తోందో లేదో చూసుకోండి.

ఇన్వర్టర్ లేని ఇళ్ళకి ఇంకో దారి ఉంది. ఫ్రిజ్ స్టెబిలైజర్ కరెంటు రాగానే వెంటనే ఇవ్వదు, కొంతసేపు ఆగి ఇస్తుంది, మీరు గమనించే ఉంటారు. ఎంసీబీ పెట్టెలో బిగించే వోల్టేజీ ప్రొటెక్టర్లలో కూడా అదే గుణం ఉన్నవి దొరుకుతాయి. కొనేటప్పుడు ఆలస్యాన్ని మనం మార్చుకునే వీలున్నది అడగండి. లైట్ల లైనుకి దాన్ని వేయించి అరవై సెకన్లు పెడితే, బయట కరెంటు ఎన్నిసార్లు కొట్టుకున్నా బల్బు దాకా ఒకేసారి, నిలకడైన కరెంటే చేరుతుంది. చీకట్లో అరవై సెకన్లు అదనంగా ఆగాలి కాబట్టి మెట్ల మీద, బాత్రూమ్‌లో ఉన్న లైట్లను ఆ లైను మీద పెట్టకండి. గోడ స్విచ్‌తో పిల్లలు ఆడుకుంటే దీనివల్ల లాభం లేదు, ఆ స్విచ్ ఈ పెట్టె తర్వాతే ఉంటుంది.

రంగులు, మసక వెలుగు అక్కర్లేకపోతే బల్బు చోట మామూలు ఎల్ఈడీ పెట్టి, స్విచ్ బోర్డు లోపల జిగ్బీ స్విచ్ మాడ్యూల్ వేయించుకోవచ్చు. మాడ్యూల్‌ని జత చేయడానికి దాని మీద బటన్ ఉన్నది చూసి కొనండి, అలాంటిది సాధారణంగా కరెంటు కొట్టుకున్నంత మాత్రాన చెరగదు. పాత ఇళ్ళలో స్విచ్ బోర్డుకి న్యూట్రల్ తీగ వచ్చి ఉండకపోవచ్చు, కొనేముందు బోర్డు విప్పించి చూడండి. కొన్ని మాడ్యూళ్ళు బయటి స్విచ్‌ని వరసగా నొక్కినా జత చేసే స్థితిలోకి వెళ్తాయి. ఆ సౌకర్యాన్ని సెట్టింగ్‌లో తీసేయగలిగితే తీసేయండి.

అత్త వసారా లైటుని ఇన్వర్టర్ లైను మీదకి మార్పించాం. ఆ తర్వాత క్యాలెండర్ మీద ఇంకో నాలుగు సున్నాలు పడ్డాయి. నాలుగుసార్లూ బల్బు మసకగానే వెలిగింది, ఫోన్‌లో నొక్కగానే ఆరింది. పెరటి బల్బుని మాత్రం కదపలేదు, దానికి అవసరం రాలేదు.